తల, భుజాలు, నాణెం వంతు

ప్రశ్న: నేను వరంగల్‌లో ఎరువుల దుకాణం నడుపుతున్నాను. నాలుగేళ్లుగా షేర్లు కొంటున్నాను. నా దగ్గరున్న ఒక షేరు 352 రూపాయల నుంచి 412కి ఎక్కి, 388కి దిగి, 436కి ఎగబాకి, 391కి పడి, 409కి లేచి మళ్లీ పడింది. మధ్య శిఖరం తలలా, పక్క రెండూ భుజాల్లా ఉండి పతనాన్ని సూచించే హెడ్ అండ్ షోల్డర్స్ ఆకారం అనుకుని, రెండు పల్లాలను కలిపే నెక్‌లైన్ గీసుకున్నాను. గీత కిందికి రాగానే 389 దగ్గర నా 200 షేర్లూ అమ్మేశాను. అది 384 దాకా దిగి, వెనక్కి తిరిగి, ఇప్పుడు 452లో ఉంది. నాకు చార్టులు నేర్పిన సారు నెక్‌లైన్ తప్పుగా గీశానంటున్నారు. మా బావమరిది ఇదంతా మబ్బుల్లో ఏనుగును చూడడమేనంటున్నాడు. ఇద్దరు చూసినా ఒకేలా కనిపించేట్టు ఈ ఆకారాన్ని నిర్వచించవచ్చా? నిర్వచిస్తే దాన్ని నమ్మవచ్చా? ఇంకో షేరులో 520, 516 దగ్గర రెండు శిఖరాలు, మధ్యలో 478 దగ్గర పల్లం ఉన్నాయి. ఇప్పుడు ధర 505. అది రెండు దాదాపు సమాన శిఖరాల తర్వాత ధర పడుతుందని చెప్పే డబుల్ టాపేనా, అమ్మేయాలా? రెండింటి ముగింపు ధరల పట్టికలు జతచేశాను.
— ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: నెక్‌లైన్ మీరు తప్పుగా గీయలేదు. మీ పట్టిక ముందు పెట్టుకుని నేనూ గీశాను, మీ గీతే వచ్చింది. రెండు పల్లాలను కలిపితే వచ్చేది ఒకే గీత. ధర పడి ఉంటే అదే గీతను మీ సారు సరైనదనేవారు. ఫలితం వచ్చాక గీతను తప్పుపట్టే వీలున్నంత కాలం ఆ పద్ధతి ఎప్పటికీ ఓడిపోదు. ఓడిపోయే వీలు లేని పద్ధతిని పరీక్షించడం ఎవరి తరమూ కాదు. అందుకే మీ మొదటి ప్రశ్నతోనే, అంటే నిర్వచనంతోనే మొదలుపెడతాను.

మీరు ఎనుమాముల యార్డు చూసే ఉంటారు. పత్తిలో తేమ ఎంతో అరచేత్తో నొక్కి చెప్పే రోజుల్లో రైతు ఆరిందనేవాడు, కొనేవాడు పచ్చిగా ఉందనేవాడు. ఇద్దరూ అబద్ధమాడుతున్నారని కాదు, ఇద్దరి చేతులూ వేరు, అవసరాలూ వేరు. తేమ మీటరు వచ్చాక 8 శాతం వరకు పూర్తి ధర, 12 శాతం దాటితే కొనుగోలు లేదు అనే హద్దులు కాగితం మీదికి వచ్చాయి. ఆ హద్దులు ప్రకృతి పెట్టినవి కావు, మనుషులు కూర్చుని పెట్టుకున్నవే. అయినా బస్తా విప్పకముందే రాసి ఉన్నాయి, అందరి బస్తాకూ అవే వర్తిస్తాయి. చార్టుకు కావలసిందీ ఇలాంటి మీటరే. మీ కన్ను, మీ సారు కన్ను, మీ బావమరిది కన్ను మూడూ అరచేతుల్లాంటివి.

హెడ్ అండ్ షోల్డర్స్‌లో అందరూ గొడవపడేది నెక్‌లైన్ దగ్గర. అసలు చిక్కు అంతకుముందే ఉంది: శిఖరం అంటే ఏది? ధర రోజూ కాస్త ఎక్కుతుంది, కాస్త దిగుతుంది. ప్రతి చిన్న ఎత్తునూ శిఖరం అనుకుంటే ఒక్క నెలలో పది తలలు, ఇరవై భుజాలు దొరుకుతాయి. అందుకే ఒక హద్దు పెట్టుకోవాలి. ఉదాహరణకు, ముగింపు ధర ఒక ఎత్తు నుంచి కనీసం 4 శాతం పడితేనే ఆ ఎత్తును శిఖరంగా లెక్కిస్తాం. ఒక లోతు నుంచి కనీసం 4 శాతం లేస్తేనే ఆ లోతును పల్లంగా లెక్కిస్తాం. అంతకంటే చిన్న కదలికలను చూడనే చూడం.

మీ షేరుకు దీన్ని వర్తింపజేద్దాం. 412 నుంచి 388కి పతనం 5.8 శాతం. అక్కడి నుంచి 436కి ఎక్కడం 12.4 శాతం. 436 నుంచి 391కి 10.3 శాతం పతనం. 391 నుంచి 409కి లేచింది 4.6 శాతం మాత్రమే. హద్దు 4 శాతమైతే ఈ కదలికలన్నీ లెక్కలోకి వస్తాయి, ఎడమ భుజం, తల, కుడి భుజం మూడూ కనిపిస్తాయి. హద్దును 5 శాతం చేయండి. 391 నుంచి 409కి లేచింది లెక్కలోకి రాదు కనుక కుడి భుజం మాయమవుతుంది. 436 నుంచి 384 దాకా ఒకే పతనం, ఆ తర్వాత 452 దాకా ఒకే ఎదుగుదల మిగులుతాయి. 6 శాతం చేస్తే ఎడమ భుజం కూడా పోతుంది. అప్పుడు మీ చార్టు 352 నుంచి 436 దాకా ఎక్కి, కొంత దిగి, మళ్లీ ఎక్కిన మామూలు షేరు చార్టు. ధరల్లో ఒక్క అంకె మారలేదు. మీటరు ముల్లును ఒక్క శాతం జరిపితే మీరు 200 షేర్లు అమ్ముకున్న ఆకారం లేకుండా పోయింది. నెక్‌లైన్ వాలు గురించి వాదించే ముందు మీ సారును అడగవలసిన ప్రశ్న ఇది: మీ హద్దు ఎంత, దాన్ని ఎప్పుడు రాసుకున్నారు?

మరి హద్దు ఎంత ఉండాలి? అన్ని షేర్లకూ ఒకే అంకె సరిపోదు. రోజుకు 3 శాతం ఊగే చిన్న కంపెనీ షేరులో 4 శాతం అంటే ఒకటి రెండు రోజుల అలజడి. రోజుకు అర శాతం కదిలే పెద్ద కంపెనీ షేరులో అదే 4 శాతం నెల రోజుల కథ కావచ్చు. నేను పాటించే పద్ధతి ఇది. గత 60 ట్రేడింగ్ రోజుల ముగింపు ధరల్లో రోజువారీ మార్పులు తీసుకుని, పెరిగిందా తగ్గిందా అన్నది పక్కనపెట్టి, వాటి సగటు కడతాను. దానికి నాలుగు రెట్లు హద్దు. మీ పట్టికలో రోజువారీ మార్పు సగటున 1.4 శాతం ఉంది, కాబట్టి హద్దు 5.6 శాతం. ఆ లెక్కన మీ షేరులో కుడి భుజం లేదు. నాలుగు రెట్లే ఎందుకు, మూడు కాకూడదా అని మీరు అడగవచ్చు. కావచ్చు. ఆ నాలుగు నేను పెట్టుకున్నదే, యార్డులో 12 లాగే. అయితే ముందే రాసుకున్నాను, ప్రతి షేరుకూ దాన్నే వాడతాను. పక్కన మూడు రెట్లతోనూ అయిదు రెట్లతోనూ చూస్తాను. మూడు హద్దుల్లోనూ నిలబడే ఆకారం ఒక రకం, ఒక్కదానిలోనే కనిపించేది ఇంకో రకం. మీది రెండో రకం.

శిఖరాలు, పల్లాలు తేలాక మిగిలిన నిర్వచనం సులువు. ఆండ్రూ లో, హ్యారీ మమేస్కీ, జియాంగ్ వాంగ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2000 సంవత్సరంలో ప్రచురించిన పరిశోధనలో దీన్ని అయిదు వరుస మలుపులతో చెప్పారు. మొదటిది శిఖరం కావాలి. మూడో మలుపు, అంటే తల, మొదటిదానికంటే, అయిదోదానికంటే ఎత్తుగా ఉండాలి. రెండు భుజాలూ వాటి సగటుకు 1.5 శాతం లోపల ఉండాలి. రెండు పల్లాలూ అలాగే తమ సగటుకు 1.5 శాతం లోపల ఉండాలి. మీ భుజాల సగటు 410.50, ఒక్కోటీ దానికి రూపాయిన్నర దూరంలో ఉంది. అనుమతించిన దూరం ఆరు రూపాయలకు పైనే. పల్లాల సగటు 389.50, అవీ రూపాయిన్నర దూరంలోనే ఉన్నాయి. కొలతల పరంగా మీది పాఠ్యపుస్తకంలో అచ్చువేయదగిన ఆకారం. మీరు మోసపోయింది అజాగ్రత్త వల్ల కాదని చెప్పడానికే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ పరిశోధనలో నాకు బాగా గుర్తుండిపోయిన విషయం ఒకటుంది. వాళ్లు మలుపులను పట్టుకోవడానికి నా శాతం హద్దు కాకుండా, ధరల గీతను గణిత పద్ధతిలో నునుపు చేశారు. ఎంత నునుపు చేయాలో చెప్పే ప్రామాణిక సూత్రం ఉంది. దానితో చేస్తే గీత మరీ నున్నగా వచ్చి, చార్టు నిపుణులు ఆకారాలుగా చూసే మలుపులు చెరిగిపోయాయి. నిపుణులకు చూపించి, సరిచేసి, చివరికి ఆ సూత్రం ఇచ్చిన అంకెలో 0.3 వంతు తీసుకున్నారు. ఇంత పట్టుదలతో రాసిన నిర్వచనంలో కూడా ఒక మరను మనిషి కంటితోనే బిగించారు. దీన్ని వాళ్లు దాచలేదు. వస్తుగతంగా నిర్వచించడమంటే ఇంతే: మనిషి నిర్ణయాన్ని పూర్తిగా తొలగించలేం, అది ఎక్కడుందో చూపించి, ఒకసారి బిగించాక మళ్లీ ముట్టుకోకుండా ఉండగలం.

ఇక కాలం సంగతి. మీరు ఉత్తరంలో మలుపులు వరుసగా చెప్పారు కానీ, అవి ఏ రోజు మీకు తెలిశాయో చెప్పలేదు. ఇక్కడే ఎక్కువమంది పరీక్షలు పాడవుతాయి. ఎడమ భుజాన్ని సున్నా రోజు అనుకుంటే, మీ పట్టికలో 9వ రోజున మొదటి పల్లం, 21న తల, 33న రెండో పల్లం, 41న కుడి భుజం 409 దగ్గర వచ్చాయి. 4 శాతం హద్దు ప్రకారం 409 ఒక శిఖరమని తేలాలంటే ధర 392.64కి దిగాలి. మీ పట్టికలో అది 47వ రోజున, 389 దగ్గర ముగిసినప్పుడు జరిగింది. పల్లాలను కలిపిన నెక్‌లైన్ రోజుకు పన్నెండున్నర పైసల చొప్పున ఎగువకు వాలి ఉంది. 47వ రోజుకు అది 392.75 దగ్గరుంది. అంటే కుడి భుజం ఉందని తెలిసిన రోజు, నెక్‌లైన్ తెగిన రోజు ఒక్కటే. ఇప్పుడు చార్టు తెరిచి చూస్తే 41వ రోజే కుడి భుజం కళ్లకు కడుతుంది. ఆ రోజు అది కేవలం పెరుగుతున్న ధర.

ఈ తప్పు నేనే చేశాను. హనుమకొండలో గణాంకశాస్త్రం చెప్పే రోజుల్లో మొదటిసారి ఈ ఆకారాలను కంప్యూటర్‌లో పరీక్షించినప్పుడు ఫలితాలు అద్భుతంగా వచ్చాయి. రెండు రాత్రులు నిద్రపట్టలేదు. మూడో రోజు ప్రోగ్రాం వరుస వరుస చదివితే, అమ్మకం ధరగా కుడి భుజం శిఖరం ధరనే తీసుకుంటున్నట్టు కనిపించింది. శిఖరం ఏర్పడిన రోజుకూ అది శిఖరమని తేలిన రోజుకూ మధ్య ఉన్న పతనమంతా లాభంగా నమోదైంది. తేలిన రోజు ధరను పెట్టగానే ఆ లాభం దాదాపు అంతా పోయింది. ఎవరైనా ఈ ఆకారం ఇంత శాతం సార్లు ఫలిస్తుందని మీకు పట్టిక చూపితే, ప్రతి వరుసలో రెండు తేదీలు అడగండి: మలుపు తేదీ, మలుపు తేలిన తేదీ. రెండోది లేకపోతే ఆ పట్టికను పక్కనపెట్టండి.

గీత తెగడం అంటే ఏమిటన్నదీ ముందే రాసుకోవాలి. మీరు ముగింపు ధర గీత కిందికి వస్తే చాలనుకున్నారు; 392.75కు 389 ఒక శాతం కూడా తక్కువ కాదు. పాతకాలపు చార్టు నిపుణులు గీతకు 3 శాతం కింద ముగిస్తేనే తెగినట్టు అనేవారు. అలా చూస్తే 381 కింద ముగియాలి. మీ షేరు 384 దగ్గరే ఆగిపోయింది కనుక ఆ నియమం మిమ్మల్ని కాపాడేది. అయితే దీన్ని చూసి 3 శాతమే సరైనదని తీర్మానించుకోకండి. దానికో ఖరీదుంది. ఆ ఖరీదు చూపించే లెక్కే ఈ ఉత్తరంలో నేను మీకు ఇవ్వదలచుకున్న ముఖ్యమైన లెక్క.

ధర ఎక్కడిదాకా పడుతుందో ఆకారం చెప్పే టార్గెట్ ఎలా వస్తుందో మీకు తెలుసు. తల కింద నెక్‌లైన్ 389.50 దగ్గరుంది, తల 436, ఎత్తు 46.50. తెగిన చోటు 392.75 నుంచి దాన్ని తీసేస్తే సుమారు 346. మన అంచనా తప్పని తేలే చోటు, అంటే స్టాప్‌లాస్, కుడి భుజం పైన, 410 అనుకుందాం. అంటే 389 దగ్గర అమ్మినవారికి ఒకవైపు 43 రూపాయల దూరంలో టార్గెట్, మరోవైపు 21 రూపాయల దూరంలో స్టాప్‌లాస్ ఉన్నాయి.

ఇప్పుడు ఆకారాన్ని పూర్తిగా మరిచిపోండి. ధర ప్రతి అడుగూ నాణెం ఎగరేసి వేస్తోందనుకోండి: బొమ్మ పడితే రూపాయి పైకి, బొరుసు పడితే రూపాయి కిందికి. 389 దగ్గర మొదలైన అలాంటి ధర 410 కంటే ముందు 346ను తాకే అవకాశం ఎంత? దీనికి గణితంలో కచ్చితమైన జవాబుంది. స్టాప్‌లాస్ దూరాన్ని, రెండు దూరాల మొత్తంతో భాగిస్తే చాలు. 21ని 64తో భాగిస్తే సుమారు 33 శాతం. నేను దీన్ని నాణెం వంతు అంటాను. స్ప్రెడ్‌షీట్‌లో A2లో అమ్మిన ధర, B2లో స్టాప్‌లాస్, C2లో టార్గెట్ ఉంటే, ఈ సూత్రం వేయండి:

```
=(B2-A2)/(B2-C2)
```

ఏమీ తెలియని నాణెం కూడా మూడింట ఒకసారి మీ టార్గెట్‌ను తాకుతుంది. మూడుసార్లలో రెండుసార్లు ఓడినా లెక్క సరిపోతుంది, ఎందుకంటే గెలిచినప్పుడు వచ్చేది ఓడినప్పుడు పోయేదానికి రెట్టింపు. 3 శాతం నియమంతో 381 దగ్గర అమ్మితే స్టాప్‌లాస్ 29 రూపాయల దూరం, టార్గెట్ 35 రూపాయల దూరం. నాణెం వంతు 45 శాతానికి పెరుగుతుంది. చూశారా, నియమం మార్చగానే గెలుపుల సంఖ్య పెరిగింది, జ్ఞానం ఏమీ పెరగలేదు. ఒక్కో గెలుపు చిన్నదైంది, ఒక్కో ఓటమి పెద్దదైంది, అంతే. అందుకే ఈ ఆకారం 45 శాతం ఫలిస్తుందన్న మాటకు ఒంటరిగా అర్థం లేదు. నాణెం వంతు 33 అయిన చోట 45 వస్తే గొప్ప విషయం, నాణెం వంతు 45 అయిన చోట 45 వస్తే శూన్యం. పైగా షేర్లు దీర్ఘకాలంలో పైకి జరిగే స్వభావం ఉన్నవి కనుక, కిందికి వెళ్తుందని పందెం వేసేవారికి నిజమైన నాణెం వంతు దీనికంటే కాస్త తక్కువే ఉంటుంది. అమ్మకపు ఖర్చులు వేరు.

మీ విషయంలో ఇంకో మాట చెప్పాలి. మీరు సగం పద్ధతే పాటించారు. చేతిలో ఉన్న షేర్లు అమ్మినవారికి స్టాప్‌లాస్ అంటే తిరిగి కొనడం. 410 దాటగానే తిరిగి కొని ఉంటే షేరుకు 21 రూపాయల చొప్పున 4,200 రూపాయలు, పైన ఖర్చులు పోయేవి. ఇప్పుడు 452 దగ్గర చూస్తే 12,600 రూపాయల దూరంలో ఉన్నారు. తేడా 8,400 రూపాయలు. దానికి కారణం ఆకారం విఫలం కావడం కాదు, విఫలమైందని ఏ అంకె దగ్గర ఒప్పుకోవాలో మీకు ఎవరూ చెప్పకపోవడం. నేర్పేవారు టార్గెట్ గురించి అంతసేపు చెప్పి దీన్ని వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది.

మీ బావమరిది మాటకు వస్తాను. ఆయన అనుమానం కొత్తది కాదు. షికాగో విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రవేత్త హ్యారీ రాబర్ట్స్ 1959లోనే యాదృచ్ఛిక సంఖ్యలను ఒకదానిమీద ఒకటి కూడుతూ పటం గీసి చూపించారు. అది అచ్చం షేర్ సూచీ చార్టులా ఉంది, అందులో హెడ్ అండ్ షోల్డర్స్ ఆకారాలూ ఉన్నాయి. నేను తరగతిలో పిల్లల చేత ఇదే చేయించేవాడిని. ఒక్కొక్కరూ నాణేన్ని 200 సార్లు ఎగరేసి, గ్రాఫ్ కాగితం మీద గీసి, పక్కవారికి ఇచ్చేవారు. ఇవి ఏ కంపెనీ షేర్లో చెప్పకుండా ఆకారాలు వెతకమంటే, భుజాలు, తలలు, నెక్‌లైన్‌లు పెన్సిలుతో శ్రద్ధగా గుర్తించి ఇచ్చేవారు. మీరు కూడా ఒక ఆదివారం ఇది చేసి చూడండి. మీ చేత్తో ఎగరేసిన నాణెం మీ షేరు లాంటి చార్టు గీస్తుంటే కలిగే ఎరుక వేరు.

అయితే మీ బావమరిది వాదన ఇక్కడే ఆగిపోతుంది. నాణెం కూడా ఆ ఆకారం గీస్తుందంటే, ఆకారం ఉండడం దేనికీ రుజువు కాదని మాత్రమే. ఆకారం తర్వాత ధర నాణెంలాగే నడుస్తుందా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు లెక్కించి చూస్తేనే తెలుస్తుంది. నేను చెప్పిన ముగ్గురు ఆర్థికవేత్తలు 1962 నుంచి 1996 దాకా అమెరికా షేర్ల మీద అది లెక్కించారు. ఆకారం పూర్తయిన తర్వాతి మార్పులు మామూలు రోజుల మార్పుల్లా లేవని, కొన్ని ఆకారాల్లో ఎంతో కొంత అదనపు సమాచారం ఉందని తేల్చారు. దానితో లాభం చేసుకోవచ్చని మాత్రం వాళ్లు అనలేదు. ధరల పంపిణీ కాస్త వేరుగా ఉండడానికీ, ఖర్చులు పోను జేబులో డబ్బు మిగలడానికీ మధ్య చాలా దూరముంది. కెవిన్ చాంగ్, కరోల్ ఓస్లర్ అనే ఇద్దరు విదేశీ కరెన్సీల్లో హెడ్ అండ్ షోల్డర్స్‌ను కంప్యూటర్ నియమంగా రాసి పరీక్షించారు. ఆరు కరెన్సీల్లో జర్మన్ మార్కు, జపాన్ యెన్ రెండింటిలోనే లాభం కనిపించింది. ఆ రెండింటిలో కూడా అంతకంటే సులువైన సగటు ధర నియమాలు దీనికంటే ఎక్కువ ఇచ్చాయి. నాకు అన్నిటికంటే ఎక్కువగా ఆలోచన పుట్టించింది ఈ చివరి మాటే. ఆకారంలో ఉన్న కాస్త సమాచారమూ బహుశా భుజాల్లో లేదు, పెరుగుతూ వచ్చిన ధర పెరగడం మానేసిందన్న మామూలు సంగతిలో ఉంది. ఆ సంగతి చెప్పడానికి ఇన్ని మలుపులు అవసరం లేదు.

మన షేర్లలో మీరే పరీక్షించాలనుకుంటే, ఒక నోటు పుస్తకం, ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. హద్దు, భుజాల తేడా, తెగడం, స్టాప్‌లాస్, టార్గెట్ అయిదూ మొదటి పేజీలో రాసి తేదీ వేయండి. తర్వాత దొరికిన ప్రతి ఆకారాన్నీ, అందంగా లేనిదాన్ని కూడా, ఒక వరుసగా ఎక్కించండి. ప్రతి వరుసలో నాణెం వంతు వేయండి. చివర ఆ వంతులన్నీ కూడితే నాణెం ఎన్నిసార్లు గెలిచేదో వస్తుంది. పక్కన నిజంగా గెలిచినవెన్నో పెట్టండి. తొందరపడవద్దు. నాణెం వంతు 33 శాతమైనప్పుడు 30 ఆకారాల్లో 10 గెలుపులు రావాలి, కానీ అదృష్టం కొద్దీ 15 దాకా వచ్చినా ఆశ్చర్యం లేదు. 100 ఆకారాల్లో 33కు బదులు 43 దాటితేనే ఏదో ఉందని అనుమానించవచ్చు. అది కూడా ఆ వంద వేర్వేరు కాలాల్లోవి అయితేనే. 2020 మార్చి లాంటి నెలలో మార్కెట్ మొత్తం కూలినప్పుడు యాభై షేర్ల నెక్‌లైన్‌లు ఒకే వారంలో తెగుతాయి. అవి యాభై రుజువులు కావు, ఒకే రుజువు యాభైసార్లు రాసినట్టు. ఇంకో జాగ్రత్త: బోనస్ షేర్లు, షేర్ల విభజన తర్వాత పాత ధరలను సవరించిన పట్టికనే వాడండి. ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చిన రోజు సవరించని చార్టులో ధర సగమై కనిపిస్తుంది, మీ పుస్తకంలో గొప్ప గెలుపుగా నమోదవుతుంది.

చివరిగా మీ రెండో షేరు. అది ఇప్పుడు డబుల్ టాప్ కాదు. రెండు శిఖరాలూ వాటి సగటు 518కి 1.5 శాతం లోపలే ఉన్నాయి, మధ్య దూరం 31 ట్రేడింగ్ రోజులు. ఆండ్రూ లో బృందం 22 రోజుల కంటే ఎక్కువ ఉండాలంది కనుక అదీ సరిపోయింది. అయినా మధ్య పల్లం 478 కింద ముగిసేదాకా అది రెండు హద్దుల మధ్య ఊగుతున్న షేరు మాత్రమే. పాత శిఖరం దగ్గర ఆగి కాస్త దిగడం, పైకి వెళ్లే షేర్లు కూడా మామూలుగా చేసే పనే. 505 దగ్గరున్న ధర 521 కంటే ముందు 478ను తాకే నాణెం వంతు 16ను 43తో భాగిస్తే వచ్చే 37 శాతం. ఆకారం పూర్తికావడమే మూడింట ఒకటి కంటే కాస్త ఎక్కువ అవకాశమున్న సంగతి.

ఒకవేళ పూర్తయి 477 దగ్గర ముగిసిందనుకోండి. శిఖరాల సగటు 518 నుంచి పల్లం 478 దాకా ఎత్తు 40, దాన్ని 478 నుంచి తీసేస్తే టార్గెట్ 438, 39 రూపాయల దూరం. తప్పని తేలే చోటు 521, 44 రూపాయల దూరం. నాణెం వంతు 53 శాతం. హెడ్ అండ్ షోల్డర్స్ మూడింట ఒకసారే ఫలిస్తే డబుల్ టాప్ సగానికి పైగా ఫలిస్తుందని, అదే నమ్మదగినదని మీతో ఎవరైనా అంటే, ఈ రెండు అంకెలు గుర్తుచేసుకోండి. మీ రెండు షేర్లలో 33కూ 53కూ ఉన్న తేడా దాదాపు అంతా స్టాప్‌లాస్ ఎంత దూరంలో ఉందన్నదాని నుంచే వచ్చింది. 516 నుంచి 477కి వచ్చేసరికి పతనంలో 39 రూపాయలు ఎలాగూ గడిచిపోయాయి, మిగిలింది మరో 39.

కాబట్టి ఆకారం చూసి ఇవాళ అమ్మవద్దు. ఆ కంపెనీని ఏ కారణంతో కొన్నారో అది ఇంకా నిలిచి ఉందా అన్నది మీరు చూసుకోవాలి, దాని గురించి చార్టు ఏమీ చెప్పదు. అయినా 478 కింద ముగిస్తే అమ్మాలన్నదే మీ నిర్ణయమైతే, తిరిగి కొనే ధర 521 అని కూడా ఇవాళే మొదటి పేజీలో రాసి పెట్టుకోండి. మొదటి షేరు పట్టిక, నేను గీసిన మలుపులు, మూడు హద్దులతో వచ్చిన తేడాలు ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. వాటిని మీ సారుకు చూపించి, హద్దు ఎంతో ఆయన చేతనే రాయించుకోండి.